కొలత ఎక్కణ్ణుంచి

కింది దవడ కుడివైపున నాకు మిగిలింది ఒకే ఒక్క పన్ను. ఎడమవైపు ఇంకా నాలుగైదున్నాయి, వాటి సంగతి వేరు. నా పెట్టుడు పళ్ళ సెట్టుకు రెండు తీగ కొక్కేలుంటాయి. ఒకటి ఎడమవైపు పట్టుకుంటుంది, రెండోది ఈ ఒంటరి పన్నును కరుచుకుంటుంది. ఈ పన్ను పోయిందంటే సెట్టు కుడివైపు లేచి ఆడుతుంది. మాట్లాడితే జారుతుంది, నమిలితే చిగురు ఒరుసుకుపోతుంది. అంటే ఇక నమలడమన్నది మానుకోవాల్సిందే. అందుకే దానికి చీము పట్టిందనీ, చిగురు మీద మొటిమలా లేచిందనీ తెలిసినప్పుడు, ఏం చేసైనా సరే దాన్ని నిలబెట్టమని అడిగాను.

అడగడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మా అల్లుడు పళ్ళ డాక్టరు. ఇంటి కింద వాటాలోనే ఆసుపత్రి. ఆయన కూతురు, నా మనవరాలు, అదీ పళ్ళ డాక్టరే, చదువు ముగించి వచ్చి తండ్రి పక్కనే రెండో కుర్చీ వేసుకుంది. ఇంట్లో ఇద్దరు డాక్టర్లుంటే అదృష్టమని చూసినవాళ్ళంతా అంటారు. వాళ్ళకేం తెలుసు. ఒక నోట్లో ఇద్దరు డాక్టర్ల చేతులుంటే ఎలా ఉంటుందో ఆ నోటికే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను మాట మెల్లగా మాట్లాడతాను. చిన్నప్పటినుంచీ అంతే. మాట మొదలుపెట్టి కాస్త ఆగి, ఆలోచించి, తరవాతి మాట అంటాను. మా అల్లుడికి ఆ ఆగడం పడదు. నేను ఆగిన చోట ఆయన అందుకుని నా వాక్యం పూర్తి చేసేస్తాడు, అదీ తనకు తోచినట్టు. మనవరాలూ ఆ పోలికే. అమ్మాయి, అంటే నా కూతురు, ఒక్కతే చివరిదాకా వింటుంది. కానీ ఆమె ఆసుపత్రిలోకి రాదు. ఆ మందు వాసన పడదట.

పన్ను మనవరాలే చేస్తానంది. పైన చిన్న కన్నం పెట్టి లోపల కుళ్ళిన నరమంతా తీసేయాలి, తరవాత ఆ ఖాళీని వేరు చివరిదాకా నింపాలి. కష్టమంతా ఆ 'చివరిదాకా' అన్న దగ్గరే ఉంది. వేరు దవడ ఎముకలో ఉంటుంది, కంటికి కనబడదు. ముందే ఆపేస్తే కింద మిగిలిన ముక్కలో మళ్ళీ చీము పడుతుంది. దాటిపోతే మందు ఎముకలోకి పోతుంది. పైగా ఆ పన్ను కిందనే పెదవికి స్పర్శ ఇచ్చే నరం ఉందట. కాబట్టి మొదట వేరెంత పొడవో కొలవాలి. దాన్ని వాళ్ళు వర్కింగ్ లెంత్ అంటారు. తండ్రీ కూతుళ్ళ జగడం కూడా సరిగ్గా అక్కడే.

అల్లుడు ఎక్స్‌రేల మనిషి. సూదిలాంటి ఫైలు పంటిలో పెట్టి, ఎక్స్‌రే తీసి, దాని మొన వేరు కొసకు ఎంత దూరంలో ఉందో చూస్తాడు. ఇన్నేళ్ళూ అలాగే చేశానంటాడు. మనవరాలు మిషను తెచ్చింది. అపెక్స్ లొకేటరట. నేను కూత మిషను అంటాను. దాని తీగ ఒకటి పెదవికి కొక్కెంలా తగిలిస్తారు, ఇంకోటి పంటిలోని ఫైలుకు తగిలిస్తారు. మనకు తెలియనంత కొంచెం కరెంటు నడుస్తుంది. ఫైలు దిగుతున్నకొద్దీ తెర మీద గీతలు తరుగుతాయి, మొన వేరు కన్నం చివర తగిలితే ఆగకుండా కూస్తుంది.

ఇద్దరికీ ఒక్కో పుండుంది. ఇద్దరికీ ఎదుటివాళ్ళ పుండు ఎక్కడుందో తెలుసు. మనవరాలు వచ్చిన కొత్తలో ఒక టీచరమ్మ పన్ను చేసింది. దానికి పాత వెండి సిమెంటు ఉంది. ఫైలు ఆ లోహానికి తగిలేసరికి మిషను సగంలోనే కూసింది. మనవరాలు దాన్ని నమ్మేసి, ఎక్స్‌రే కూడా తీయకుండా అక్కడికే నింపింది. ఆరు నెలలకి టీచరమ్మ బుగ్గ ఉబ్బి వచ్చింది. అల్లుడిది దర్జీ కథ. ఎక్స్‌రే ఏటవాలుగా పడి వేరు ఉన్నదానికన్నా పొడుగ్గా కనబడింది. ఈయన బొమ్మను నమ్మి మందు బయటికి తోశాడు. పాపం దర్జీకి చాన్నాళ్ళు కింది పెదవి తిమ్మిరిగానే ఉంది. నోట్లో పెట్టుకున్న సూది జారిపోయినా తెలిసేది కాదట. అన్నం తినే దగ్గర కూడా మాట మాట పెరిగితే తండ్రి "టీచరమ్మ" అంటాడు, కూతురు "దర్జీ" అంటుంది. అంతే, ఇద్దరూ మూతి ముడుచుకుని లేచిపోతారు. వడ్డించింది నా కూతురు పారబోసుకోవాలి.

మొదటిసారి కుర్చీలో పడుకున్నాను. రబ్బరు గుడ్డ ఒకటి నోటికి అడ్డంగా పరిచి, దాని కన్నంలోంచి నా పన్నును బయటికి తీశారు. ఇక మాట అన్న ప్రసక్తే లేదు. మనవరాలు ఫైలు దించింది. మిషను కూసింది. ఫైలుకు చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాన్ని పంటి మీదున్న మొనకు ఆనేదాకా జరిపి, ఫైలు బయటికి తీసి, స్కేలు మీద పెట్టి చూసింది. ఇరవయ్యొకటిన్నర మిల్లీమీటర్లు. అందులో అర తగ్గించి, ఇరవయ్యొకటి అని నర్సమ్మతో చెప్పింది. అదే పొడవులో ఫైలు మళ్ళీ పెట్టి ఎక్స్‌రే కూడా తీసింది. టీచరమ్మ దెబ్బ తిన్నాక ఆ పని ఎప్పుడూ మానలేదు.

అల్లుడు తన కుర్చీ వదిలి వచ్చి తెర చూశాడు.

"కొసకి ఇంకా మిల్లీమీటరుంది. పొట్టి అయింది."

"కొస దాకా పోకూడదు డాడీ. కన్నం వేరు మొన మీదే ఉండదు, కొంచెం ముందు పక్కకి తెరుచుకుంటుంది. బొమ్మలో మొన కనిపిస్తుంది, కన్నం కనిపించదు. మిషను చెప్పేది కన్నం సంగతి."

"నీ మిషను టీచరమ్మకీ చెప్పింది."

మనవరాలు పళ్ళు కొరికింది. నాకు వినబడింది. నా నోరు తెరిచే ఉంది కాబట్టి ఆ చప్పుడు నాది కాదు. చివరికి ఇరవయ్యొకటే ఖాయమైంది. లోపల శుభ్రం చేసి, ఏదో తెల్ల మందు పెట్టి, తాత్కాలికంగా సిమెంటుతో మూసి, వారం తరవాత నింపుదామంది.

మధ్యలో ఒకరోజు ఆ పన్ను కొంచెం ఎత్తుగా తగిలి, పళ్ళు మూస్తే సలిపింది. మనవరాలు ఏదో క్లాసుకని వేరే ఊరు వెళ్ళింది. అల్లుడు నిలబడే చూశాడు. నీలి కాగితం కొరికించి, గిర్రుమనే మరతో పంటి పైభాగం అరగదీశాడు. "కాటు ఎత్తుంది మామయ్యా, అంతే. నిమిషం పని," అన్నాడు. నిజంగానే నొప్పి తగ్గింది. కానీ అరగదీసిన అంచు గరుకుగా ఉండి నాలుకకు గీసుకునేది. నాలుక ఊరుకుంటుందా, రోజంతా అక్కడికే పోతుంది.

ఆ గరుకు సంగతి చెప్పాలనే రెండోసారి వెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టాను.

"అమ్మడూ, మొన్న మీ నాన్న ఈ పన్ను..." అని ఆగాను.

"చూశారంట తాతయ్యా, నొప్పి తగ్గిందిగా? నోరు తెరువు."

"తగ్గిందిలే గానీ..."

"తగ్గితే ఇంకేం. తెరువు."

తెరిచాను. రబ్బరు గుడ్డ పడింది. అయిపోయింది నా ప్రసంగం.

అది సిమెంటు తీసి, కూత మిషను తీగ నా పెదవికి తగిలించబోతుంటే, పక్క కుర్చీ దగ్గర ఎవరికో పన్ను పీకుతున్న అల్లుడు వెనక్కి కూడా తిరగకుండా అడిగాడు, మళ్ళీ కొలుస్తున్నావేం, పోయిన వారం మాట మీద నీకే నమ్మకం లేదా అని. మనవరాలు మొహం ఎర్రబడింది. తీగ చుట్టి ట్రేలో పడేసింది. "ఇరవయ్యొకటే. పెట్టండి," అంది నర్సమ్మతో. రోషం అంటే ఇదీ. ఎవరి రోషం ఎవరిదైనా పోటు మాత్రం నాకే పడింది. ఫైలు దిగగానే అడుగున ఎముకలో సూదితో కుమ్మినట్టయింది. మొదటిసారి అలా లేదు. చెయ్యెత్తాను. "అయిపోతుంది తాతయ్యా," అంది. మళ్ళీ కుమ్మింది. మళ్ళీ చెయ్యెత్తాను. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ప్రేమగా కిందికి దించి, తట్టింది.

లోపల ఆరబెట్టడానికి సన్న కాగితపు పుల్లలు పెడతారు. పెట్టిన ప్రతి పుల్లా కొసన ఎర్రగా వచ్చింది. మనవరాలు నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎరుపే. అప్పుడు కనుబొమలు ముడిచింది. అయినా నింపే ముందు గులాబీ రంగు రబ్బరు పుల్ల ఒకటి అదే పొడవుకు పెట్టి ఎక్స్‌రే తీసింది. ఇంకా అంటించలేదు, ఊరికే సరిచూడ్డానికి. దాని గురువు ఎవరో గానీ ఆ ఒక్క అలవాటు నేర్పినందుకు చల్లగా ఉండాలి.

తెర మీద బొమ్మ వచ్చింది. మనవరాలూ నర్సమ్మా దాని మీదికి వంగారు. పడుకున్నవాడికి ఇది చాలా చెడ్డ శకునం. ఓరగా చూస్తే నాకూ కనబడింది. తెల్లటి గీత వేరు దాటి బయటికి ఒక చుక్కంత పొడుచుకొచ్చింది.

అల్లుడు చేతులు కడుక్కుని వచ్చాడు.

"నీ కూత మిషను ఇదీ. దాటిపోయింది. ఇలాగే నింపితే మామయ్యకి పెదవి పోయేది."

"పోయిన వారం ఇదే పొడవు పొట్టి అన్నది మీరే," అంది మనవరాలు. "అప్పుడు కొసకి మిల్లీమీటరు ముందుంది. ఇప్పుడు దాటింది. వారంలో వేరు పొట్టిదవుతుందా డాడీ?"

"అయితే ఇవాళ బొమ్మ ఏటవాలుగా పడింది."

"దర్జీకి పడ్డట్టా?"

ఇక చూసుకోండి. బొమ్మ తప్పంటే తప్పని మళ్ళీ తీశారు. ఆ ఎక్స్‌రే బిళ్ళ నాలుక కింద గుచ్చుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొమ్మ మారలేదు. కోణం మార్చి ఇంకోటి తీశారు. చుక్క చుక్కలాగే ఉంది. బిళ్ళ వంగిందన్నాడు అల్లుడు. పుల్ల లోపల మడత పడిందేమోనంది నర్సమ్మ, ఆవిడ కూడా ఒక చెయ్యి వేసింది. పుల్ల తీసి స్కేలు మీద పెట్టారు, సరిగ్గా ఇరవయ్యొకటి. రబ్బరు బిళ్ళ జారలేదు. స్కేలు తప్పేమోనని ఇంకో స్కేలు తెచ్చారు. నేను ఇంత సేపూ నోరు తెరుచుకుని, దవడ పట్టేసి, మెడ కింద తువ్వాలు తడిసి పడున్నాను. నేను పీల్చేది గాలో, వాళ్ళ జగడమో తెలియలేదు.

రబ్బరు గుడ్డ అడుగునుంచి "ఆ..." అన్నాను.

"నొప్పి, తెలుసు మామయ్యా," అన్నాడు అల్లుడు. తరవాత అన్న మాటే నన్ను భయపెట్టింది. "వేరు కొస ఇప్పటికే పెద్దదైపోయి ఉంటుంది. ఏం నింపినా అందులోంచి జారుతుంది. ఇంత తంటా ఎందుకు, పీకేస్తే పోయేది. సెట్టు ఇంకోలా చేయించుకుందాం."

ఇంకోలా ఎలా? ఏ పన్నుకు కొక్కెం తగిలిస్తాడు, నా చెవికా? అరవాలనిపించింది. అరుపు కూడా నా దగ్గర మెల్లగానే వస్తుంది, గుడ్డ అడ్డం. కుర్చీ చెయ్యి మీద అరచేత్తో చరిచాను. ట్రే మీద సామానంతా గలగలమంది. అప్పుడు చూశారిద్దరూ నావైపు.

మనవరాలు గుడ్డ తీసేసింది. నేను దవడ మూసి, తెరిచి, మూసి, నాలుకతో ఆ గరుకు అంచు తడుముకున్నాను. అలవాటైపోయింది మరి. మనవరాలు నా నాలుకనే చూస్తోంది. నేను ఊపిరి తీసుకుని "అది కాదమ్మా, మొన్న..." అని ఆగానో లేదో, అల్లుడు అందుకోబోయాడు. అది తండ్రి వైపు చెయ్యి అడ్డం పెట్టింది. చూపు మాత్రం తెర మీదికి పోయింది. పోయిన వారం బొమ్మా, ఇవాళ్టి బొమ్మా పక్కపక్కన పెట్టింది. ఇంతసేపూ అందరూ వేరు కొసలే చూశారు. అది ఇప్పుడు పంటి పైభాగం చూసింది. మొదటి బొమ్మలో పంటికి చిన్న శిఖరంలా మొన ఉంది. రెండోదాంట్లో బల్లలా చదును.

"ఈ మొన ఏమైంది?" అంది.

అల్లుడు వెంటనే పలకలేదు. ఆయన వెంటనే పలకకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"కాటు ఎత్తుగా ఉంటే తగ్గించాను. నువ్వు లేవు."

"ఎంత?"

"ఒకటి... ఒకటిన్నర ఉంటుంది."

"నేను ఆ మొన నుంచే కదా కొలిచింది."

అప్పుడు నాకూ సంగతి అర్థమైంది. వేరు తగ్గలేదు, మిషను అబద్ధం చెప్పలేదు, బొమ్మ కూడా చెప్పలేదు. కొలత మొదలుపెట్టిన చోటే లేకుండా పోయింది. రబ్బరు బిళ్ళ మునుపు శిఖరం మీద ఆగేది. శిఖరం తీసేశాక అది ఇంకా కిందికి దిగి చదును మీద ఆగింది. ఎంత కిందికి దిగిందో, ఫైలు మొన అంత అవతలికి పొడుచుకుపోయింది. తగ్గించిన సంగతి తండ్రి చెప్పలేదు. కూతురు తగ్గిందేమోనని చూడలేదు, మళ్ళీ కొలవనూ లేదు. ఇద్దరి నిర్లక్ష్యానికీ నా ఎముక సాక్ష్యం చెప్పింది.

మనవరాలు కుర్చీ పక్కన స్టూలు మీద కూలబడింది. అరిచి ఉంటే బాగుండేది. "కన్నంలోంచే చూస్తున్నాను, పన్నును చూడలేదు," అంది తనలో తనే. అల్లుడు కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు. నర్సమ్మకు ఉన్నట్టుండి పక్క గదిలో పనులు గుర్తొచ్చాయి. నాకు మాత్రం కోపం పట్టపగ్గాలు లేకుండా వచ్చింది. వచ్చి ఏం లాభం, నా కోపం తయారయ్యేలోపు వాళ్ళు రాజీకొచ్చేశారు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుతున్నారు.

"పన్ను ఉంటుందా, పోతుందా?" అని అడిగాను. ఈ ఒక్కమాట మాత్రం ఆగకుండా అన్నాను.

"పుల్ల అంటించలేదు కాబట్టి బతికిపోయాం తాతయ్యా. బయటికి ఏదీ పోలేదు, ఫైలు మొన గుచ్చుకుంది అంతే. కన్నం కొస కాస్త వెడల్పయింది. కొంచెం ముందే, గట్టి పంటిలో, మందు ఆగే అంచు మళ్ళీ చేయాలి. ఇవాళ నింపను. మానాలి."

అది మళ్ళీ గుడ్డ పరిచింది. నెత్తురు ఆగేదాకా కడిగి, ఆరబెట్టి, కొంచెం లావు ఫైలు తీసుకుని, చదును మీద ఎక్కడ ఆనుతుందో నర్సమ్మకూ తండ్రికీ చూపించి మరీ మిషను తగిలించింది. ఇరవై దగ్గర కూసింది. అర తగ్గిస్తే పందొమ్మిదిన్నర. పాత ఇరవయ్యొకటిలోంచి అరగదీసిన ఒకటిన్నర తీస్తే అంతే. అల్లుడు వేళ్ళ మీద లెక్క చూసుకుని ఊఁ అన్నాడు. మిషను మాటకు ఆయన ఊఁ అనగా నేను విన్నది అదే మొదలు. ఎక్స్‌రే తీస్తే మొన వేరు లోపలే, కొసకు కొంచెం ముందు ఆగింది. తెల్ల మందు పెట్టి మూసేసి, గరుకు అంచు కూడా నున్నగా చేసింది. ఆ నున్నదనం కోసమే కదా నేను వచ్చింది. దానికి ఇంత రామాయణం.

రెండు వారాలు గడిచాయి. సలుపు పోయింది. చిగురు మీద మొటిమ ఆనవాలు లేకుండా అణిగింది. అయినా మూడోసారి మెట్లు ఒక్కోటీ ఆగి ఆగి దిగాను. ఆసుపత్రి వాసన పడని నా కూతురు ఆ రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నాతోనే వచ్చింది. గుమ్మంలో నిలబడి, మొగుడికీ కూతురికీ ఒకటే మాట చెప్పింది.

"నాన్న మాట పూర్తయ్యేదాకా ఎవరూ నోట్లో చెయ్యి పెట్టకండి."

మనవరాలు గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడింది. "తాతయ్యా, పోయినసారి తరవాత ఈ పన్నును ఎవరైనా ముట్టుకున్నారా? విరిగిందా, అరిగిందా, ఏమన్నా మారిందా?"

తండ్రి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నర్సమ్మ నిలబడింది. ఇంతమంది నా మాట కోసం ఆగడం నాకు కొత్త. సమయం తీసుకున్నాను. నాలుకతో పన్ను చుట్టూ తడిమాను. ఆ వారాల్లో ఏం జరిగిందో మొదటి రోజునుంచీ గుర్తు చేసుకున్నాను. ఒకసారి గొంతు సవరించుకున్నాను. అల్లుడి పెదవులు కదిలాయి. నా కూతురు ఆయన వైపు చూసింది. పెదవులు ఆగాయి.

"లేదు," అన్నాను.

ఇంకేదో ఉందేమోనని కాసేపు చూశారు. ఏమీ లేదు. అప్పుడు మొదలుపెట్టారు.

మళ్ళీ కొలిచారు, పందొమ్మిదిన్నరే. కాగితపు పుల్లలు తెల్లగా, పొడిగా వచ్చాయి. గులాబీ పుల్ల పెట్టి ఎక్స్‌రే తీశారు, అది ఆగాల్సిన చోట ఆగింది. అంటించి, కత్తిరించి, మూసి, ఆఖరి బొమ్మ తీశారు. ఇద్దరూ తెర ముందు భుజం భుజం రాసుకుని నిలబడ్డారు. బాగుందన్నాడు అల్లుడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పన్ను నిలిచింది, కొక్కేనికి దిక్కుంది.

"కానీ," అన్నాడు అల్లుడు, "కొసకి ఇంకో పావు మిల్లీమీటరు దగ్గరికి పోయుంటే..."

"ఎందుకు పోవాలి డాడీ? కన్నం అక్కడే తెరుచుకుంటుంది."

"బొమ్మలో చూడు."

"బొమ్మలో కన్నం కనబడదని ఎన్నిసార్లు..."

నా పెదవికి కూత మిషను కొక్కెం ఇంకా వేలాడుతూనే ఉంది. ఎవరికీ గుర్తులేదు. నేనే తీసి ట్రేలో పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, కుర్చీ దిగాను. నా కూతురు చెప్పులు నా కాళ్ళ దగ్గరికి జరిపింది. మేమిద్దరం తలుపు దాటుతుంటే వెనక "టీచరమ్మ" వినబడింది, ఆ వెంటనే "దర్జీ" వినబడింది. పన్ను మీద క్యాప్ పెట్టాలి కొలతలకు ఎల్లుండి రండి అని కూడా ఎవరో అన్నారు.

కొలతలట. నేను వినబడనట్టే మెట్లెక్కాను.